రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్: మా పాప తలసీమియా కాగితాలను తేదీల గ్రాఫ్‌గా మార్చి రెండేళ్లు వాడాక

ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు తలసీమియా, అందుకే మా పాపకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కించాలి. ఆ చీటీల అంకెలన్నీ రాసుకున్న ఈ స్ప్రెడ్‌షీట్ పట్టికలో నేను ఇక వదులుకోలేనిది ఒకటే ఉంది. రక్తం ఎక్కించే ముందు చూసిన హిమోగ్లోబిన్‌ను మాత్రమే తీసుకుని, దాన్ని అసలు తేదీల మీద చుక్కలుగా పెట్టే గ్రాఫ్ అది. మందుల వివరాలు, ఒంట్లో ఐరన్ నిల్వను సూచించే ఫెరిటిన్, రక్తం సంచుల నంబర్లు కూడా ఇందులో ఉన్నాయి, అవీ పనికివస్తాయి. అయితే పాప వైద్యంలో మార్పు తెచ్చింది మాత్రం ఆ చుక్కల వరుసే.

మాకు రక్తం ఖమ్మంలో ఎక్కిస్తారు, పెద్ద పరీక్షలు హైదరాబాదులో జరుగుతాయి. అందువల్ల కాగితాలు రెండు రకాలుగా పోగుపడ్డాయి. కొన్ని చీటీల మీద ఎక్కించక ముందు హిమోగ్లోబిన్ రాసి ఉంటుంది, కొన్నింటి మీద ఎక్కించిన తరువాతది. చాలా చోట్ల ‘హెచ్‌బి’ అని ఒక్క అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఈ రెండూ ఒకే వరుసలో కలిస్తే గీత ఎగుడుదిగుడుగా తయారై ఏమీ చెప్పదు. ల్యాబ్ కాగితం మీద రక్తం తీసిన సమయం, ఆసుపత్రి చీటీ మీద సంచి మొదలుపెట్టిన సమయం పక్కపక్కన పెట్టి చూసి, ముందుదని రూఢి అయిన అంకెలనే వరుసలోకి తీసుకున్నాను. తేలనివాటికి గడి ఖాళీగా వదిలేశాను.

గ్రాఫ్ గీసేటప్పుడు మామూలు గీత గ్రాఫ్ కాకుండా స్కాటర్ గ్రాఫ్ ఎంచుకోవాలి. గీత గ్రాఫ్ చాలాసార్లు ప్రతి చుక్కనూ సమాన దూరంలో పెడుతుంది కాబట్టి 21 రోజుల విరామమూ 30 రోజుల విరామమూ ఒకేలా కనిపిస్తాయి. తలసీమియాలో అంకె ఎంతో, దాని వెనుక గడిచిన రోజులూ అంతే ముఖ్యం.

అది మాకు 2024 వేసవిలో తెలిసింది. కాలేజీలకు సెలవులు వచ్చి దాతలు తగ్గడంతో రక్తం దొరకడం ఆలస్యమై, మే 8న పాప హిమోగ్లోబిన్ 7.6కి దిగింది. ఇంట్లో అందరం భయపడ్డాం, ఆ చీటీనే అందరికీ చూపించాం. గ్రాఫ్‌లో చూస్తే ఆ చుక్కకు కారణం పక్కనే ఉంది: అంతకుముందు రక్తం ఎక్కించింది ఏప్రిల్ 8న, అంటే 30 రోజుల కిందట. అసలు గమనించవలసినవి దానికి ముందున్న చుక్కలు. 2023 జూన్‌లో సరిగ్గా 21 రోజులకు వెళితే 9.6 ఉండేది. 2024 మార్చి 18న, మళ్లీ 21 రోజులకే, 8.7 వచ్చింది. ఏప్రిల్ 8న, అదే విరామానికి, 8.5 వచ్చింది. రక్తం ఎక్కించే ముందు సాధారణంగా 9.5 నుంచి 10.5 మధ్య ఉండేలా చూస్తారు. ఏ చీటీకి ఆ చీటీగా చూస్తే 8.5 ఎవరినీ కలవరపెట్టే అంకె కాదు, కానీ విరామం మారకుండానే వరుస నెమ్మదిగా కిందికి జారుతున్నదని గ్రాఫ్ మాత్రమే చూపింది. ఆలస్యమైన తరువాతి ఒకటి రెండు అంకెలు ఎలాగూ తక్కువగానే వస్తాయి కాబట్టి మే తరువాతి చుక్కలను బట్టి ఏదీ తేల్చకూడదని డాక్టరుగారు చెప్పారు.

ఆయన ఆ గ్రాఫ్ కాగితం చూసి మూడు విషయాలు పరిశీలించారు. ప్లీహం పెరిగి ఎక్కించిన రక్తాన్ని పాడుచేస్తున్నదా, దాతల రక్తానికి వ్యతిరేకంగా పాప ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యాయా, ఇస్తున్న రక్తం బరువుకు చాలుతున్నదా. ప్లీహం మునుపటిలాగే ఉంది, యాంటీబాడీల పరీక్షలో ఏమీ రాలేదు. మిగిలింది బరువు. 2023లో 16 కిలోలు ఉన్న పాప 18.5 కిలోలకు వచ్చింది, సంచి మాత్రం అదే 250 మిల్లీలీటర్లు. కిలోకు 15.6 మిల్లీలీటర్లు అందుతున్న చోట 13.5 మాత్రమే అందుతున్నాయి.

అప్పటి వరకు పట్టికలో బరువుకు చోటు లేదు, ఆ రోజే చేర్చాను. చేర్చగానే, రక్తం ఎక్కించే కొద్దీ ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందు వరుసలోనూ అదే విషయం బయటపడింది. డిఫరాసిరాక్స్ నీళ్లలో కలిపి తాగించే మాత్ర రోజుకు 400 మిల్లీగ్రాములు, అంటే 16 కిలోలకు కిలోకు 25, 18.5 కిలోలకు 21.6 మాత్రమే. ఫెరిటిన్ 1700 నుంచి 2300కు పెరగడానికి మాత్రలు సరిగా వేయడం లేదేమోనని మమ్మల్ని అప్పటికే అడిగి ఉన్నారు. డాక్టరుగారు విరామాన్ని 18 రోజులకు తగ్గించి, మూత్రపిండాల పరీక్ష చూసుకుని మాత్రను 500 మిల్లీగ్రాములకు పెంచారు. ముందు హిమోగ్లోబిన్ క్రమంగా 9.4 దగ్గరికి చేరింది. ఫెరిటిన్ దిగడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. జ్వరం ఉన్నప్పుడు తీసిన ఫెరిటిన్ లేనిపోని పెరుగుదల చూపుతుంది కనుక ఆ తేదీల పక్కన జ్వరం అని రాస్తున్నాను.

ఇంత మెచ్చుకున్న ఈ పట్టిక మొదట్లో చాలా ఇబ్బంది పెట్టింది. స్ప్రెడ్‌షీట్ సెట్టింగుల్లో దేశం అమెరికాగా ఉండటంతో, మనం రోజు, నెల, సంవత్సరం వరుసలో కొట్టిన తేదీలను అది నెల, రోజు వరుసలో చదివింది. 12/06/2023 డిసెంబరు 6గా, 03/07/2023 మార్చి 7గా మారిపోయాయి. 24/07/2023కి ఇరవై నాలుగో నెల అంటూ లేదు కాబట్టి అది తేదీ కాకుండా మామూలు అక్షరాలుగా మిగిలిపోయింది. చూడటానికి అన్నీ సరిగానే ఉన్నట్టుంటాయి. గ్రాఫ్ మాత్రం అర్థం లేకుండా వస్తుంది. దీన్ని పట్టించింది విరామం లెక్క. A వరుసలో తేదీలు, B వరుసలో ముందు హిమోగ్లోబిన్ ఉంటే, E వరుసలో ఇది ఉంచాను:

```
=A3-A2
```

21 రావలసిన చోట -274 వచ్చింది, ఆ కింది గడిలో #VALUE! కనిపించింది. దేశాన్ని భారత్‌గా మార్చినంత మాత్రాన పాత గడులు బాగుపడవు, ఎందుకంటే తప్పు తేదీ అప్పటికే లోపల నిలిచిపోయి ఉంటుంది. తేదీలన్నీ చీటీలు చూసి మళ్లీ కొట్టవలసి వచ్చింది. ఇప్పుడు 2023-07-24 అని సంవత్సరం ముందుగా కొడుతున్నాను, అది ఏ సెట్టింగులోనూ తారుమారు కాలేదు.

ఈ వరుసను మరీ నమ్మకూడని చోట్లు కూడా ఉన్నాయి. మా రెండు ల్యాబుల అంకెల మధ్య కొంత తేడా ఉంటుంది, కాబట్టి హైదరాబాదు చుక్కలకు వేరే రంగు వేశాను. ఒక్క చుక్క కిందికి వస్తే నేనిప్పుడు ఏమీ అనుకోను, ఒకే ల్యాబులో, ఒకే విరామానికి, వరుసగా మూడు దిగితేనే కాగితం పట్టుకు వెళతాను. వరుస ఎందుకు దిగుతున్నదో గ్రాఫ్ చెప్పలేదు. మా విషయంలో అది బరువు, మరో పిల్లవాడిలో యాంటీబాడీలే కావచ్చు, అప్పుడు సంచి పెద్దది చేసినా ప్రయోజనం ఉండదు.

రక్తం ఒకేచోట ఎక్కించుకునేవారికి, అక్కడే ప్రతిసారీ బరువు, ముందు హిమోగ్లోబిన్, మిల్లీలీటర్లు ఒకే కార్డులో రాసి ఇస్తుంటే, ఇంత శ్రమ బహుశా అవసరం ఉండదు. రెండు ఊళ్ల మధ్య తిరుగుతూ, ఇంట్లో ఒకరు ప్రతి చీటీని ఆ రోజే పట్టికలో రాయగలిగిన మాలాంటివారికి ఇది పనికివచ్చింది. కొన్ని ల్యాబు చీటీల మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి కాబట్టి పాతవి పట్టికలో రాయాలనుకునేవారు ముందుగా వాటికి ఫొటోలు తీసుకుని, రాయడానికి తరువాత కూర్చోవచ్చు.