మూడేళ్లుగా శనివారం కూరగాయల బుట్ట: ధర, సరుకు, సెలవుల గొడవ

2022 జూన్‌లో ఈ బుట్ట తీసుకోవడం మొదలుపెట్టాం. మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్. ఇంట్లో ఐదుగురం, రెండు పూటలా వంట ఉంటుంది. శంకర్‌పల్లి దాటాక ఒక ఊళ్లో ఎకరన్నరలో కూరగాయలు పండించే రైతు ప్రతి శనివారం పొద్దున ఏడింటిలోపు ట్రాలీ ఆటోలో బుట్టలు తెచ్చి సెల్లార్‌లో దించి పోతాడు. ఏం వస్తుందో మనం ఎంచుకోలేం. ఆ వారం చేలో ఏముంటే అది. ఐదు కిలోల కూరగాయలు, ఐదు కట్టల ఆకుకూరలు, కాసిని పచ్చిమిర్చి, ఒక రెమ్మ కరివేపాకు. అప్పట్లో బుట్ట 380 రూపాయలు, 2023లో 400 అయింది, ఇప్పుడు 420. నాలుగు వారాల డబ్బు ముందే కట్టాలి.

కొత్తగా చేరదామనుకునే వాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది, మార్కెట్ కన్నా చవకా అని. కాదు. రెండు శనివారాలు నేనే బుట్ట తూకం వేసి, మా గేటు దగ్గర బండివాడి ధరతో పోల్చి చూశాను.

2025 జనవరిలో ఒక బుట్టలో టమాటా కిలోంపావు, వంకాయ, చిక్కుడు, క్యారెట్ తలా ముప్పావు కిలో, కిలో క్యాబేజీ, అరకిలో ముల్లంగి వచ్చాయి. అదే సరుకు బండి మీద కొంటే 165 రూపాయలు. ఆకుకూరలు, మిర్చి, కరివేపాకు కలిపితే 230. నేనిచ్చింది 420. చలికాలంలో అన్నీ విరగకాస్తాయి కాబట్టి ఆ రెండు మూడు నెలలు బుట్ట ఎప్పుడూ నష్టమే. రైతుబజారుకు వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకు ఇంకా నష్టం.

రెండోది 2023 జులై. టమాటా వంద దాటిందని ఊరంతా గగ్గోలు పెట్టిన నెల. మా బండివాడు కిలో 140 చెప్పాడు. ఆ వారం బుట్టలో టమాటా ముప్పావు కిలోనే వచ్చింది కానీ వచ్చింది. బెండ, బీర, కాకర, దొండ, ఒక సొరకాయ కలిపి ఐదు కిలోలు సరిపోయాయి. బయట లెక్క 445, మేమిచ్చింది 400. ఆ నెలలో టమాటా మొత్తం మార్కెట్‌కు వేసుకుంటే ఆయనకు మంచి డబ్బు వచ్చేది. వేయలేదు. నేను బుట్ట మానకపోవడానికి సగం కారణం ఆ నెలే.

ఏడాది మొత్తం మీద చూస్తే మాకు నెలకు నాలుగైదు వందలు ఎక్కువే పడుతోంది. దానికి దక్కేది శుక్రవారం సాయంత్రం కోసిన ఆకుకూర శనివారం పొద్దున చేతికి రావడం. పాలకూర, మెంతికూర విషయంలో ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే బుధవారం దాకా నిలుస్తాయి, బండి మీద కొన్నవి రెండో రోజుకే వాలిపోతాయి. వంకాయ, చిక్కుడు రుచిలోనూ తేడా ఉంది. టమాటాలో నాకు పెద్ద తేడా కనిపించలేదు, అమ్మ మాత్రం ఉందంటుంది.

బెండకాయ దగ్గర మాత్రం ఈ పద్ధతే పొసగదు. బెండను రోజు విడిచి రోజు కోయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా ముదిరి పీచు పడుతుంది. బుట్ట వారానికొకసారి. అందుకని బుధవారం కోసినవీ శుక్రవారం కోసినవీ కలిసే వస్తాయి. తొడిమ కోసిన చోట చూస్తే తెలిసిపోతుంది, నల్లబడి ఎండినవి బుధవారంవి. వాటిని ఆ రోజే వండేస్తాం. కొన వంచితే టక్కున విరగని కాయలు వారానికి ఐదారు తగులుతాయి, అవి పారేయడమే.

వానాకాలం వంకాయల్లో పుచ్చులు వస్తాయి. కిలోకి నాలుగైదు. బయటికి చిన్న రంధ్రం ఉంటుంది, కోస్తే లోపల పురుగు. మొదట్లో ఆయనతో గొడవపడ్డాను. ఇప్పుడు ఫొటో పెడితే తర్వాతి వారం అంత తూకం కలుపుతాడు. సర్టిఫికెట్ ఏమీ లేదని మొదటి రోజే చెప్పాడు. వేపనూనె, జీవామృతం వాడతాడు. ఒకసారి టమాటాకు తెగులు బాగా పట్టినప్పుడు మందు కొట్టాల్సి వచ్చిందని వాట్సాప్ గ్రూప్‌లో ఆయనే రాసి, రెండు వారాలు టమాటా ఇవ్వలేదు. ఇద్దరు మానేశారు. నాకైతే ఆ మెసేజ్ చూశాకే నమ్మకం కుదిరింది.

ఇంకో మాట. బీర, సొర వండే ముందు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారేయండి. కూరలో వేస్తే సర్దుకుంటుందిలే అనుకోవద్దు, చేదు సొరకాయ ఒంటికి ప్రమాదం. ఇది ఎక్కడ కొన్న కాయకైనా వర్తిస్తుంది. మూడేళ్లలో మాకు రెండుసార్లు తగిలింది.

ఇక అసలు గొడవకొస్తాను. మొదటి రెండేళ్లు ఎప్పుడంటే అప్పుడు బుట్ట ఆపుకోవచ్చు. గురువారం రాత్రి ఒక మెసేజ్ పెడితే చాలు, ఆ వారం డబ్బు ముందుకు జరిగేది. మాకు చాలా సుఖంగా ఉండేది. 2024 మే వచ్చింది. పిల్లలకు సెలవులు, సగం అపార్ట్‌మెంట్ ఊళ్లకు పోయింది. 36 బుట్టలు ఒక్కసారిగా 19కి పడిపోయాయి. మేమూ ఆ మానినవాళ్లలో ఉన్నాం, నెలంతా గుంటూరులోనే.

జూన్‌లో తిరిగొచ్చేసరికి గ్రూప్‌లో కొత్త రూల్ పెట్టాడు. బుట్ట ఆపాలంటే పది రోజుల ముందు చెప్పాలి. ఏడాదికి ఆరు వారాలకు మించి ఆపకూడదు. ఆ పైన ఊరెళ్తే బుట్టను పక్కింటివాళ్లకు ఇప్పించుకోండి, డబ్బు మాత్రం వెనక్కి రాదు. ధర 420. గ్రూప్‌లో పెద్ద రభస. తినని కూరకు డబ్బులెందుకు కట్టాలని అందరికన్నా గట్టిగా అడిగింది నేనే.

ఆ శనివారం బుట్టలు దించుతుంటే నిలబెట్టి అడిగాను. ఆయన ఒక్క మాటే అన్నాడు. “మీకు సెలవులుంటయి సార్, చెట్టుకు ఉండయి గద.” తర్వాత ఫోన్‌లో లెక్క చూపించాడు. 36 బుట్టలున్నప్పుడు వారానికి 14,400 వస్తుంది. ట్రాలీ కిరాయి 2,200. నలుగురు ఆడవాళ్లు రెండు రోజులు కోసి, కట్టలు కట్టి సర్దితే కూలి 3,600. మిగిలేది 8,600. విత్తనం, ఎరువు, డ్రిప్పు మరమ్మతు, ఇంటి ఖర్చు అన్నీ అందులోనే. 19 బుట్టలైతే వచ్చేది 7,600. ట్రాలీ కిరాయి అంతే, దూరం తగ్గదు కదా. కూలి కూడా అంతే.

కూలి ఎందుకు తగ్గదో నాకు వెంటనే అర్థం కాలేదు. కొనేవాళ్లు లేకపోయినా బెండ, దొండ, బీర కోయక తప్పదట. కోయకుండా వదిలితే కాయ చెట్టు మీదే ముదురుతుంది, చెట్టు కొత్త పూత తగ్గించేస్తుంది. అంటే మే నెలలో కోయని చేను జూన్‌లో మనం వచ్చేసరికి కాయదు. అలా చేతికి మిగిలింది వారానికి 1,800. అమ్ముడుపోని కాయను గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వేస్తే కమీషన్, హమాలీ పోను ట్రాలీ ఖర్చు కూడా రాలేదన్నాడు.

పైగా మేలో వచ్చే కూరగాయలకు విత్తనం పడేది ఫిబ్రవరి, మార్చిలోనే. టమాటాకు నారు పోసిన నాటి నుంచి మొదటి కోతకు దాదాపు మూడు నెలలు. బీరకు నెలన్నర. తోటకూర ఒక్కటే నెలలో చేతికొస్తుంది. ఎంత విత్తాలో నిర్ణయించే రోజు ఆయన దగ్గరున్నది మన ఇళ్ల లెక్క ఒక్కటే. గురువారం రాత్రి మనం పెట్టిన మెసేజ్ ఆ లెక్కను మూడు నెలలు ఆలస్యంగా చెడగొట్టేది.

రూల్ వచ్చాక ఎనిమిది ఇళ్లు మానేశాయి. మేము ఉండిపోయాం. ఆరు వారాల లెక్క మాకు సరిపోయింది, పోయిన మేలో రెండు బుట్టలు ఎదురింటివాళ్లకు ఇప్పించాం. ఆ ఇంటావిడ తర్వాత చందాదారయ్యింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్, పక్కన రెండు అపార్ట్‌మెంట్లు కలిపి 41 ఇళ్లు. రూల్ తర్వాత ధర పెరగలేదు.

దీనికి ముందు మేము వేరే ఒకళ్ల దగ్గర ఆరు నెలలు తీసుకున్నాం, పేరెందుకులెండి. వాళ్ల దగ్గర ఎప్పుడైనా ఆపొచ్చు, కావలసిన కాయ ఎంచుకోవచ్చు, చేను మాదే అనేవాళ్లు. మేలో కాలీఫ్లవర్ తెచ్చారు. తర్వాత వారం చిక్కుడు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ వారం వారం ఉండేవి. క్యారెట్లన్నీ ఒకే సైజు, నున్నగా కడిగినవి. ఈ చుట్టుపక్కల చిన్న చేలో అవన్నీ ఏడాది పొడుగునా పండవు. అడిగితే కొన్ని బయట నుంచి తెస్తున్నామని ఒప్పుకున్నారు. నిజంగా ఒకే చేను నుంచి వచ్చే బుట్టలో ఏదో ఒకటి లేకుండా ఉంటుంది, ఏదో ఒకటి విసుగొచ్చేంత ఉంటుంది. మాకు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా బీర, సొర, బీర, సొర. అమ్మ బీరపొట్టు పచ్చడి చేసీ చేసీ అలిసిపోయి, కాయల్ని వాచ్‌మన్ ఇంటికి పంపిన వారాలున్నాయి. ఏప్రిల్ చివర ఆకుకూరలు రెండు కట్టలకు పడిపోతాయి, షేడ్ నెట్ కింద కూడా పాలకూర ఎండకు తట్టుకోదు. బదులుగా మామిడికాయలో దోసకాయలో వేస్తాడు. గంగవాయిలి కూర మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ కలుపు మొక్కనుకుని పక్కన పడేసింది. ఇప్పుడు రాకపోతే ఫోన్ చేసి అడుగుతుంది.

ఎవరికి సరిపడదో కూడా చెప్పాలి. ఇద్దరే ఉండి, వారానికి రెండు రోజులు బయట తినేవాళ్లకు ఐదు కిలోలు మిగిలిపోతాయి. సగం బుట్ట 240కి ఇస్తున్నాడు కానీ నాకు నచ్చలేదు. కాకర పావుకిలో, చిక్కుడు పావుకిలో, ఏదీ ఒక కూరకు చాలదు. మా మూడో అంతస్తులో రెండు జంటలు కలిసి ఒక పూర్తి బుట్ట తీసుకుని, ఒక వారం కాయగూరలు వీళ్లకు, ఆకుకూరలు వాళ్లకు, మరో వారం తిరగేసి పంచుకుంటున్నారు. అడిగితే సెల్లార్‌లోనే విడదీసి రెండు సంచుల్లో పెడతాడు.