వెడల్పాటి బ్యాక్‌డ్రాప్: ఫొటోలను చదునుగా పరచాలా, గొట్టానికి చుట్టాలా?

ఒక నాటకానికి 30 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు తెర కావాలన్నారు. బొమ్మ ఒక పొడవాటి పాత భవనం: వరసగా గుండ్రటి స్తంభాలు, వాటి వెనక గోడ, ముందు ఇనుప రెయిలింగ్. 35 ఎం.ఎం. లెన్సుతో ఫుల్ ఫ్రేమ్ కెమెరాని నిలువుగా పట్టుకుని, ఒకే చోట నిలబడి తిరుగుతూ ఐదు ఫొటోలు తీశాను. అలా పట్టుకుంటే ఒక్కో ఫొటోలో అడ్డంగా 38 డిగ్రీలు పడుతుంది. పక్క ఫొటోతో మూడో వంతు దాకా కలిసేలా తిప్పితే ఐదింటికి కలిపి 140 డిగ్రీలు వచ్చింది. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు రెండూ మాన్యువల్‌లో కదలకుండా పెట్టాను కాబట్టి ఆకాశంలో రంగు చారలు పడలేదు. అసలు తలనొప్పి వీటిని అతికించేటప్పుడు మొదలైంది.

చాలామంది ముందు అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ప్రొజెక్షన్. అంటే ఆ 140 డిగ్రీల చూపుని చదునైన అద్దం మీద పరుస్తున్నామా (రెక్టిలీనియర్), గొట్టం లోపలి గోడకి అంటించి తర్వాత విప్పుతున్నామా (సిలిండ్రికల్) అన్నది.

మొదట సిలిండ్రికల్‌లోనే అతికించాను, చాలా ప్రోగ్రాములు వెడల్పాటి వాటికి అదే సూచిస్తాయి కనక. స్తంభాలు నిటారుగానే నిలిచాయి కానీ పైకప్పు అంచు విల్లులా వంగింది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. గోడ నాకు 12 మీటర్ల దూరంలో ఉంది, పైకప్పు నా కంటికి 5 మీటర్ల పైన ఉంది. ఎదురుగా ఉన్న చోట అది క్షితిజరేఖకి 2,430 పిక్సెళ్ల పైన పడింది. 60 డిగ్రీల పక్కన గోడ రెట్టింపు దూరం కాబట్టి అదే అంచు సగం ఎత్తులో, 1,215 దగ్గర పడింది. అడ్డ గీతల్లో వంగకుండా మిగిలేది కంటి ఎత్తులో ఉన్నది ఒక్కటే. కొండలు, చెరువు, చెట్ల వరస లాంటి దృశ్యమైతే ఈ వంపు ఎవరి కంటా పడదు. అక్కడ సిలిండ్రికల్‌ని మించింది లేదు. తెరనే అర్ధచంద్రాకారంగా వంచి కట్టి, చూసేవాళ్లు మధ్యలో ఉంటే ఈ వంపు తెర వంపులో కలిసిపోయి గీతలు తిన్నగా కనిపిస్తాయి కూడా. నా తెర మాత్రం చదునుగా వేలాడేది.

చదును ప్రొజెక్షన్‌కి ఒక గొప్ప గుణం ఉంది. కెమెరాకి ఎదురుగా సమాంతరంగా ఉన్న గోడని అది ఉన్నదున్నట్టు దించుతుంది. మధ్య కిటికీ ఎంతో, చివరి కిటికీ కూడా అంతే. 110 డిగ్రీలకి కత్తిరిస్తే వెడల్పు 16,600 పిక్సెళ్ల పైచిలుకు వచ్చింది, అంటే తెర మీద అంగుళానికి 46. దూరం నుంచి చూసే తెరకి ఇది చాలు. అయితే అంచుల దగ్గర బొమ్మ అడ్డంగా సుమారు మూడింతలు సాగదీసినట్టు అవుతుంది, కాబట్టి చివరలు కాస్త మెత్తబడతాయి.

అసలు మెలిక గుండ్రటి వాటితో వచ్చింది. గోడ బాగానే ఉంది, స్తంభాల మధ్య దూరాలు కూడా సమానంగానే ఉన్నాయి, కానీ చివరి స్తంభాలు లావెక్కాయి. 55 డిగ్రీల దగ్గర గుండ్రటి స్తంభం మధ్యదాని కంటే 1.7 రెట్లు వెడల్పుగా పడుతుంది. మనుషులు నిలబడి ఉంటే వాళ్లూ అలాగే ఉబ్బుతారు, కాబట్టి అంచుల్లో ఎవరూ లేకుండా తీయాలి. స్తంభాలకి మందు సులువే: గోడ అంతటా ఒకే కొలతలో ఉంది కాబట్టి, మధ్య స్తంభాన్ని కాపీ చేసి చివరిదాని మీద పెడితే ఎత్తు అతికినట్టు సరిపోతుంది. పక్కన మిగిలిన ఖాళీని అక్కడి గోడతోనే నింపాను. నీడ ఏ వైపు పడిందో మాత్రం చూసుకోవాలి.

మూడో దారి పానీని ప్రొజెక్షన్. నిలువు గీతలతో పాటు మధ్యలోని ఒక బిందువు వైపు పరుగెత్తే గీతలని కూడా తిన్నగా ఉంచుతుంది. పొడవాటి వీధికీ, వరండాని ఒక చివర నుంచి తీసినప్పుడూ అదే మేలు. ఎదురు గోడకి పనికిరాదు, పైకప్పు మళ్లీ వంగుతుంది.

ఇక అతుకుల సంగతి. ట్రైపాడ్ లేకుండా తిరిగాను కాబట్టి ఒక్కో ఫొటోకి కెమెరా దాదాపు 10 సెంటీమీటర్లు పక్కకి జరిగింది. రెయిలింగ్ 3 మీటర్లలో, గోడ 12 మీటర్లలో. లెక్క వేస్తే రెండూ ఒకదానితో ఒకటి 146 పిక్సెళ్లు తప్పుతాయి. రెండింటినీ ఒకేసారి అతికించడం ఏ ప్రోగ్రాముకీ సాధ్యం కాదు. ఫోటోషాప్‌లో Photomerge ఈ తేడాని చెప్పకుండా తనకి తోచినట్టు సర్దేస్తుంది. దూరపు దృశ్యాలకి నేనూ అదే వాడతాను. ఇక్కడ రాజీ కుదిర్చే సరికి గోడా కొంచెం చెదిరింది, రెయిలింగూ కొంచెం చెదిరింది.

అందుకే హగిన్ అనే పానోరమా ప్రోగ్రాముకి మారాను. ఇందులో రెండు ఫొటోలని కలిపే కంట్రోల్ పాయింట్లు ఒక్కొక్కటీ కనిపిస్తాయి, ఎంత తప్పిందో పిక్సెళ్లలో పక్కనే ఉంటుంది. రెయిలింగ్ మీద పడ్డ పాయింట్లన్నీ తీసేసి గోడ మీదివి మాత్రమే ఉంచి మళ్లీ ఆప్టిమైజ్ చేస్తే, తప్పు రెండు పిక్సెళ్లలోపుకి దిగింది. స్తంభాల అంచుల మీద నిలువు గీతలు కూడా గుర్తుపెట్టాను, లేకపోతే భవనం ఒక పక్కకి ఒరిగినట్టు వస్తుంది.

రెయిలింగ్‌ని చెడనిచ్చానన్నమాట, అదీ ఫొటోకీ ఫొటోకీ మధ్య నాలుగే చోట్ల. ఇక్కడొక అదృష్టం ఉంది. కెమెరా ఎత్తు మారకుండా పక్కకే జరిగితే అడ్డ కమ్మీలు దాదాపు కలిసే ఉంటాయి, చెడేది నిలువు చువ్వల మధ్య ఎడం ఒక్కటే. అందుకని మాస్క్ గీసి అతుకుని పైన స్తంభం అంచు వెంట దించి, కింద రెండు చువ్వల మధ్య ఖాళీలోంచి పోనిచ్చాను. ఒక చోట ఖాళీ కాస్త వెడల్పయింది, ఒక చువ్వ కాపీ చేసి పెట్టాను. అతుకుని వెడల్పుగా ఫేడ్ చేస్తే మాత్రం అవే చువ్వలు జంటలు జంటలుగా, దెయ్యాల్లా కనిపిస్తాయి.

ఈ మరమ్మతులన్నీ ప్రొజెక్షన్ ఖాయం చేశాకే. మొదట సిలిండ్రికల్‌లో ఒక రాత్రంతా అతుకులు దిద్ది, తర్వాత వంపు చూసి చదునుకి మారితే ఆ పనంతా మట్టిలో కలిసింది. ఇప్పుడు ట్రైపాడ్ మీద స్లైడింగ్ ప్లేటు పెట్టి, దగ్గరి కర్రనీ దూరపు స్తంభాన్నీ ఒకే గీతలో చూస్తూ, కెమెరా తిప్పినా అవి విడిపోని చోటు దొరికే దాకా ముందుకీ వెనక్కీ జరుపుతున్నాను. అలా తీసిన వాటికి రెయిలింగ్ దగ్గర కూడా మాస్కుతో పని పడట్లేదు.