నట్టున్న డయల్ థర్మామీటరు: ఏళ్ల తరబడి వాడాక

హోటల్ మేనేజ్‌మెంట్ ప్రాక్టికల్స్‌కి కొనిపించే స్టీలు కాడ డయల్ థర్మామీటరులో నాకు నచ్చేది ఒక్కటే. డయల్ వెనక, కాడ మొదట్లో ఉండే చిన్న ఆరు పలకల నట్టు. రీడింగ్ తప్పితే మనమే సరిచేసుకోవచ్చు. మామూలు చవక డిజిటల్ వాటిలో చాలావాటికి ఈ వీలు లేదు. తేడా ఎంతో కాగితం మీద రాసుకుని, ప్రతిసారీ కలుపుకోవడమో తీసేయడమో చేయాలి.

ఐసు నీళ్లలో ముంచి ముల్లుని సున్నాకి తెచ్చే ఐసు పద్ధతితో ఇది బాగా కుదురుతుంది, కానీ ఐసు ఎలా పోశామన్న దాని మీదే అంతా. పొడవాటి గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేంత చన్నీళ్లు మాత్రమే పోసి, కలిపి నాలుగైదు నిమిషాలు ఆగాలి. నీళ్లు ఎక్కువైతే ఐసు పైకి తేలిపోతుంది. అడుగున చేరే నీళ్లు నాలుగు డిగ్రీల దాకా ఉండొచ్చు, ఎందుకంటే నీళ్లు బాగా బరువెక్కేది అక్కడే. నీళ్లే పోయకపోతే ఇంకో తంటా: ఫ్రీజరు నుంచి అప్పుడే తీసిన ఐసు సున్నా కంటే బాగా కింద ఉంటుంది. ఐసులో ఉప్పు కలిసినా సున్నా దగ్గర నిలవదు.

కాడ గ్లాసు మధ్యలో, గోడకీ అడుగుకీ తగలకుండా ఉండాలి. ఈ రకం కాడ కొసతో మాత్రమే వేడిని పట్టదు. కొస నుంచి కాడ మీదున్న చిన్న నొక్కు దాకా, దాదాపు ఐదు సెంటీమీటర్లు, లోపలి లోహపు చుట్ట ఉంటుంది. ఆ భాగమంతా మునగకపోతే పైన గాలి వేడి కూడా లెక్కలోకొచ్చి ముల్లు రెండు మూడు డిగ్రీల దగ్గర ఆగుతుంది. దాన్ని చూసి నట్టు తిప్పితే, తర్వాత పూర్తిగా ముంచినప్పుడల్లా తక్కువ చూపిస్తుంది. ముల్లు కదలడం ఆగాక అర నిమిషం చూసి, కాడ ఐసులో ఉండగానే థర్మామీటరు తొడుగుకి ఉండే స్పానరుతో నట్టుని కదలకుండా పట్టుకుని, డయల్‌ని సున్నా వచ్చేదాకా తిప్పాలి.

ఇక మరుగు పద్ధతి. ఎగ్జామినరు ఇక్కడే పట్టుకుంటారు. నీళ్లు 100 దగ్గర మరుగుతాయని చదివిన పిల్లలు హైదరాబాద్‌లో కూడా నట్టు తిప్పి ముల్లుని 100 మీద పెట్టేస్తారు. ఎత్తు ప్రతి 300 మీటర్లకీ మరుగు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ 98.2కి అటూఇటూ మరుగుతాయి. అరకులో 97 దగ్గరే. విశాఖ బీచ్ పక్కనైతే 100 అన్నా చెల్లుతుంది. హైదరాబాద్‌లో 100కి తిప్పిన ముల్లు రెండు డిగ్రీలకి కాస్త తక్కువగా ఎక్కువ చూపిస్తుంది. చికెన్ మధ్యలో 74 కనిపించి, దించేసేసరికి నిజానికి అక్కడ 72 దాటి ఉంటుందంతే. తప్పు ఉడకని వైపుకే పోతుంది కాబట్టి భయం ఇదే. నీళ్లు గిన్నె అంతటా బుడబుడలాడుతూ మరగాలి, కాడ అడుగుకి తగలకూడదు, ఆవిరికి చేయి కాలకుండా తొడుగుతోనో పట్టకారుతోనో పట్టుకోవాలి.

ఇప్పుడు నట్టు గురించి కొంచెం వెనక్కి తగ్గాలి. అది డయల్ మొత్తాన్ని ఒకేలా జరుపుతుంది తప్ప, రెండు చివర్లనీ కలపలేదు. నేను వాడేదాన్ని ఐసులో సున్నాకి పెడితే, హైదరాబాద్ మరుగు నీళ్లలో 96 దగ్గర ఆగుతోంది. అక్కడ 98కి తిప్పితే ఐసులో రెండు చూపిస్తుంది. కొన్న కొత్తలో ఇంత తేడా లేదు. కింద పడటం, మరిగే పులుసులోంచి తీసి వెంటనే చన్నీళ్ల కింద కడగడం దీనికి పడవు. నట్టు కూడా వదులైంది, కాబట్టి సున్నాకి పెట్టాక స్పానరు తీసి మళ్లీ ఒకసారి చూడకపోతే లాభం లేదు. పద్ధతి ఏదైనా, తేడా ఒక డిగ్రీ దాటితే ఆ వాడకానికి పనికిరాదనే లెక్క. ప్రస్తుతం ఇది ఫ్రిజ్ చూడటానికే నాకు పనికొస్తోంది.

కొనాలా అంటే, మీరు ఏం వండుతారన్న దాన్ని బట్టి. ప్రాక్టికల్ పరీక్షకి ఇదే మేలు, నట్టు తిప్పడం ఎగ్జామినరు కళ్ల ముందే కనబడుతుంది. పెద్ద డెకీసాల్లో బిర్యానీ, సూపులైతే లోతు ఉంటుంది కాబట్టి పరవాలేదు. చేప ముక్కలు, కట్లెట్ల మందం ఐదు సెంటీమీటర్లు ఉండదు, కాబట్టి వాటికి సన్నపు కొసతోనే వేడి పట్టే డిజిటల్ కావాలి. హైదరాబాద్ వంటగది అయితే ఏది కొన్నా, దాని తొడుగు మీద 98 అని రాసి పెట్టుకోండి.