అద్దె పంపడానికి ఫోన్ నంబరా, యూపీఐ ఐడీనా?

కూకట్‌పల్లి, మియాపూర్‌లలో ఇళ్లు అద్దెకిచ్చిన స్నేహితులు తరచూ అడిగే ప్రశ్న ఇది: కిరాయిదారుకి ఏది ఇవ్వాలి? ఫోన్ నంబరు ఇస్తే సులువని చాలామంది అదే ఇచ్చేస్తారు. నా ఓటు మాత్రం యూపీఐ ఐడీకే.

ఓనరుకి రెండు ఖాతాలున్నాయనుకోండి. పెన్షన్ స్టేట్ బ్యాంకులో పడుతుంది, ఇంటి లోన్ ఈఎంఐ హెచ్‌డీఎఫ్‌సీ ఖాతా నుంచి కట్ అవుతుంది. అద్దె ఈ రెండో దాంట్లో పడాలి. కిరాయిదారు ఫోన్ నంబరు కొడితే, ముందు ఆ నంబరు ఏ యూపీఐ ఐడీకి కట్టి ఉందో వెతకాలి, ఆ తర్వాతే ఖాతా. ఓనరు పెన్షన్ ఖాతాతో కొత్త యాప్ పెట్టుకుని, అడిగిన చోటల్లా ఓకే నొక్కి నంబరును అటు మార్చుకున్నాడంటే అద్దె పెన్షన్ ఖాతాకి వెళ్లిపోతుంది. పంపేవాళ్లకి తెలిసే దారి లేదు. రెండు ఖాతాలూ ఆయనవే కాబట్టి తెరమీద అదే పేరు కనిపిస్తుంది. ఇక్కడ ఈఎంఐ బౌన్స్ అవుతుంది.

యూపీఐ ఐడీ ఇస్తే ఆ మొదటి మెట్టు ఉండదు. ఫోన్‌పే ఇచ్చే `name@ybl` లాంటి ఐడీ కొడితే, @ తర్వాతి ముక్కను బట్టి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ యెస్ బ్యాంకుని అడుగుతుంది. అది ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చెబుతుంది. ఆ తర్వాత పంపేవారి బ్యాంకులో డెబిట్, తీసుకునేవారి బ్యాంకులో క్రెడిట్. "నాకు యెస్ బ్యాంకులో ఖాతానే లేదు కదా" అని కంగారుపడేవాళ్లుంటారు. అక్కర్లేదు, ఆ బ్యాంకు దారి చూపేది మాత్రమే, డబ్బు ఆగేది మీ ఖాతాలోనే. 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు యెస్ బ్యాంకుపై మారటోరియం పెట్టినప్పుడు ఫోన్‌పే ఆగిపోయింది. వేరే బ్యాంకుల్లో ఉన్న ఫోన్‌పే వాడకందారుల డబ్బుకి మాత్రం ఏమీ కాలేదు. ఐడీకి ఉన్న అసలు బలహీనత ఇదే: దారి చూపే బ్యాంకు మూతపడితే ఐడీ కూడా పనిచేయదు.

అయినా నేను ఐడీ వైపే మొగ్గడానికి కారణం, పాతబడ్డాక ఏమవుతుందన్నది. తీసేసిన ఐడీకి పంపబోతే పేమెంట్ ముందుకే పోదు. వదిలేసిన ఫోన్ నంబరును మాత్రం టెలికాం కంపెనీ 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులు, యాప్‌లు ఇలాంటి నంబర్లను వారానికోసారైనా సరిచూడాలన్న నియమం వచ్చింది. మంచిదే, కానీ కాంటాక్ట్స్‌లో పాత నంబరు పెట్టుకున్న కిరాయిదారుకి కొత్త పేరు చదివే ఓపిక ఉండాలిగా.

క్యూఆర్ కోడ్ గురించి వేరే చెప్పేదేం లేదు, అందులో ఉండేది యూపీఐ ఐడీయే. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ అడ్వాన్స్ లాంటి పెద్ద మొత్తానికి సరిపోతాయి.

ఏది ఇచ్చినా మొదటిసారి ఒక్క రూపాయి వేయించుకుని, మెసేజ్ ఏ బ్యాంకు నుంచి వచ్చిందో చూసుకోండి. యాప్ మార్చిన నెలలో ఇంకోసారి.