జాగ్రత్త: "రాగి నాణేలు, జింక్ మేకులు" అని అమ్మే నిమ్మకాయ బ్యాటరీ కిట్టు కొనకండి

ఇప్పుడే కోఠీ నుంచి వచ్చాను. చెప్పులు విప్పి నేరుగా రాయడానికి కూర్చున్నాను. రేపటికి ఆగితే "పోనీలే" అనిపిస్తుందేమో, ఈలోగా ఇంకో పది మంది పిల్లలు అదే కిట్టు ముందు కూర్చుని ఏడుస్తారు. స్కూల్ ప్రాజెక్టుల సామాను అమ్మే ఆ షాపు మీలో చాలామందికి తెలుసు. సైన్స్ ఫెయిర్లు మొదలయ్యాయంటే తల్లిదండ్రులు బయటి మెట్ల దాకా నిలబడతారు. పేరు రాయను, వస్తువు గురించి రాస్తాను.

మా పాప ఎనిమిదో తరగతి. ఏ పండు, ఏ కూరగాయ ఎక్కువ వోల్టేజీ ఇస్తుందో పోల్చి చూపడం దాని ప్రాజెక్టు. 650 రూపాయలు పెట్టి కిట్టు తెచ్చాను. అందులో ఆరు "రాగి నాణేలు", ఆరు "జింక్ మేకులు", క్లిప్పుల వైర్లు, ఒక తెల్ల ఎల్ఈడీ, ఒక కాగితం. కాగితం మీద పట్టిక కూడా వేసి ఇచ్చారు: నిమ్మకాయ 1.1 వోల్టులు, ఆలుగడ్డ 0.8, టమాటా 0.6, అరటిపండు 0.4. మీటరు ఇంట్లోనే ఉంది.

శనివారం పొద్దున పాప నిమ్మకాయలో ఒక పక్క నాణెం, ఇంకో పక్క మేకు గుచ్చి మీటరు పెట్టింది. 0.46 వచ్చింది. చూస్తుండగానే 0.40, తర్వాత 0.33. పది నిమిషాలకి 0.2 దగ్గర ఆగింది. ఇంకో నిమ్మకాయ తీసుకుంది, అదే తీరు. ఆలుగడ్డలో ఇంకా తక్కువ. ఆరు నిమ్మకాయలు వరసగా కలిపినా ఎల్ఈడీ మిణుకు కూడా మనలేదు.

నేను చేసిన తప్పు ఇక్కడే. "నువ్వే సరిగ్గా గుచ్చలేదు, కాగితం మీద అంత స్పష్టంగా ఉంటే నీకెందుకు రాదు" అని కసిరాను. అది ఏమీ అనకుండా నాణేలన్నీ తీసి, కడిగి, తుడిచి, మళ్లీ మొదటి నుంచి గుచ్చింది. మూడుసార్లు చేసింది. సాయంత్రానికి "అమ్మా, పట్టికలో ఉన్నవే రాసేయనా?" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. తప్పు అంకెలు రాయాలన్న ఆలోచన దానికి వచ్చిందంటే ఆ కాగితం వల్లా, నా కసురు వల్లా.

అసలు సంగతి పట్టుకున్నది మా అత్తమ్మ. పాప చివరగా ఉసిరికాయలో కూడా గుచ్చి వదిలేసింది. రాత్రి అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని మేకు పీకి చూసింది. మేకు దిగిన చోట చుట్టూ నల్లటి సిరాలాంటి మచ్చ. "ఇది ఇనుమే బిడ్డా. ఉసిరికాయ ఇనుప మూకుట్ల ఏస్తే గిట్లనే నల్లగైతది" అంది. పక్కన పడి ఉన్న ఆలుగడ్డ చూశాను. మేకు చుట్టూ అక్కడా నీలం నలుపు. ఉసిరికాయలో, ఆలుగడ్డలో ఉండే వగరు పదార్థాలు ఇనుముతో కలిస్తే ఈ రంగు వస్తుంది. జింకుతో రాదు. అంటే జింక్ మేకులని ఇచ్చినవి మెరుగు పెట్టిన మామూలు ఇనుప మేకులు.

అప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి "రాగి" నాణేనికి ఆనించాను. టక్కున అతుక్కుంది. ఆరూ అతుక్కున్నాయి. రాగి అయస్కాంతానికి అంటదు. నాణెం అంచు వెలుతురులో పెట్టి చూస్తే, రేకు కత్తిరించిన చోట లోపలి బూడిద రంగు ఇనుము సన్నటి గీతలా కనబడుతోంది. పైన రాగి పూత, అంతే.

0.46 ఎందుకు వచ్చిందో, ఎందుకు అలా జారిపోయిందో దీంతో అర్థమైంది. ఈ బ్యాటరీలో వోల్టేజీ పుట్టేది రెండు లోహాల మధ్య తేడా వల్ల. పండు రసం వాటి మధ్య దారి మాత్రమే ఇస్తుంది. రాగికీ జింకుకీ తేడా ఎక్కువ, అందుకే నిమ్మకాయలో 0.9 నుంచి 1 వోల్టు దాకా వస్తుంది. రాగికీ ఇనుముకీ తేడా తక్కువ, అది సగం దగ్గరే ఆగుతుంది. మొదట కనిపించిన 0.46 అదే. తర్వాత నాణెం అంచులో బయటపడ్డ ఇనుముకి పులుపు తగిలింది. ఒకే నాణెంలో రాగీ ఇనుమూ అంటుకుని ఉండేసరికి ఆ నాణెం మొత్తం ఇనుములాగే పనిచేయడం మొదలుపెట్టింది. ఇటు ఇనుము, అటు ఇనుములా తయారైన నాణెం. ఇక తేడా ఎక్కడుంది? పాప గుచ్చడంలో ఏ లోపమూ లేదు.

ఇక ఇవాళ్టి సంగతి. కిట్టు, అయస్కాంతం, నల్లబడిన ఆలుగడ్డ సంచిలో వేసుకుని షాపుకి వెళ్లాను. కౌంటరు మీద నాణెం పెట్టి అయస్కాంతం ఆనించి చూపించాను. ఆయన ఒక్క క్షణం చూసి, "నిమ్మకాయ మంచిది తీసుకోండి మేడం, బాగా పుల్లటిది. మీ నిమ్మకాయలో రసం లేదు" అన్నాడు. నేను నాణెం గురించి అడుగుతున్నానని మళ్లీ చెప్పాను. "650కి అసలు రాగి ఎవరిస్తారు మేడం? పిల్లల ప్రాజెక్టు కదా, పట్టికలో ఉన్నది రాస్తే మార్కులు వేస్తారు. అందరూ అదే రాస్తారు" అన్నాడు. గొంతు కూడా తగ్గించలేదు. నా వెనకాల ఓ నాన్న అదే కిట్టు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు, పక్కన చిన్న బాబు. డబ్బు వెనక్కి అడిగితే ప్యాకెట్ విప్పారు కాబట్టి ఇవ్వమన్నాడు. విప్పకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? 650 రూపాయలు పోతే పోయాయి. పిల్లలకి అబద్ధం రాయమని కౌంటరు వెనక నుంచి అంత మామూలుగా చెప్పడం నాకు మింగుడు పడలేదు. ఆ నాన్నకి అయస్కాంతం చూపించి వచ్చాను. ఆయన కిట్టు కౌంటరు మీద పెట్టేసి బాబుని తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ పట్టిక గురించి కూడా చెప్పాలి, చాలామంది ఇళ్లలో ఇప్పటికే ఉండి ఉంటుంది. నిమ్మకాయకి 1.1 వోల్టులు అనేది పాఠ్యపుస్తకంలోని డానియెల్ సెల్ అంకె. అక్కడ రాగి రేకుని రాగి లవణం కలిపిన ద్రావణంలో ముంచుతారు. నిమ్మకాయలో రాగి లవణం ఏదీ? అందుకే 1.1 రాదు. పండు మారితే వోల్టేజీ సగానికి సగం పడిపోతుందన్నదీ తప్పే. అది మేమే కొలిచి చూశాం.

అత్తమ్మ పూజ పెట్టెలోంచి పాత నయా పైసా తీసిచ్చింది, 1957 నాటిది, కంచుది. కంచులో ఎక్కువ భాగం రాగే. అయస్కాంతం అంటలేదు. మేకుకి బదులు మా వీధి హార్డ్‌వేర్ షాపులో జీఐ తీగ కొన్నాను, ఇరవై రూపాయలకి బోలెడంత ఇచ్చాడు. అది ఇనుప తీగ మీద జింకు పూత. రెండింటినీ సాండ్ పేపరుతో ఒక్కసారి తేలిగ్గా రుద్దాం. తీగని గట్టిగా రుద్దకూడదు, జింకు లేచిపోతుంది. నాణెం సగం దిగేలా, తీగ రెండు సెంటీమీటర్లు దిగేలా, మధ్య మూడు సెంటీమీటర్లు ఉండేలా స్కేలు పెట్టి గుచ్చింది పాప. ప్రతి పండు తర్వాత కడిగి తుడిచి, మీటరు అంకె నిలబడేదాకా ఒక నిమిషం ఆగి రాసింది.

నిమ్మకాయ 0.95, ఉసిరికాయ 0.96, బత్తాయి 0.93, టమాటా 0.91, ఆలుగడ్డ 0.89. మా ఇంట్లో వచ్చినవి ఇవి. మీకు కొంచెం అటూ ఇటూ రావచ్చు, కానీ అన్నీ ఇలాగే దగ్గర దగ్గరగా ఉంటాయి. పాప నోరు తెరిచి చూసింది. "అమ్మా, పండు మారుస్తున్నా పెద్దగా మారట్లేదు, మేకు మారిస్తే మారిపోయింది!" ఇదే దాని ప్రాజెక్టు ఫలితం. పట్టికలోవి రాసి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

పండ్ల మధ్య తేడా బాగా కనబడేది కరెంటులో. మీటరుని మిల్లీఆంపియర్ల మీద పెట్టి పచ్చి ఆలుగడ్డని, అదే సైజుది ఎనిమిది నిమిషాలు ఉడికించి చల్లార్చిన ఆలుగడ్డని పోల్చాం. వోల్టేజీ దాదాపు ఒకటే, కరెంటు మాత్రం ఉడికిన దాంట్లో మూడింతలకు పైగా వచ్చింది. ఉడికితే లోపలి కణాల పొరలు దెబ్బతిని రసం కలిసిపోతుంది, కరెంటుకి అడ్డు తగ్గుతుంది. 2010లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు ఉడికించిన ఆలుగడ్డ బ్యాటరీ మీద ఇదే చూపించారు.

ఎల్ఈడీ విషయం. కిట్టులోది తెల్లది, అది వెలగడానికి 3 వోల్టుల దాకా కావాలి. ఆ నకిలీ మేకులతో ఆరు నిమ్మకాయలు కలిపినా అంత రాదు. ఎర్రదానికి 1.8 చాలు. ఎర్రది పెట్టి, అత్తమ్మ దగ్గరున్న ఇంకో రెండు పైసాలతో మూడు నిమ్మకాయలు కలిపాం. లైటు ఆర్పేసిన గదిలో సన్నగా వెలిగింది. అంతకంటే గట్టిగా వెలగదు, కరెంటు మిల్లీఆంపియరులో కొంత భాగమే కాబట్టి. ఫోను చార్జ్ అవుతుందని ఎవరైనా చూపిస్తే నమ్మకండి.

కొనాల్సి వస్తే జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి, "రాగి" అన్నదానికి అతుక్కుంటే అక్కడే వదిలేయండి. మేకుకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, జింకు పూత మేకు లోపల కూడా ఇనుమే, అయస్కాంతం అంటుతుంది. దాన్ని అసలు రాగితో నిమ్మకాయలో గుచ్చి చూడండి, 0.9 దగ్గర వస్తే జింకు, 0.5 దగ్గర వస్తే ఇనుము. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలు, వాటిని రాగికి బదులు వాడకండి. గుచ్చిన పండ్లు తినకండి, పులిహోరకీ పచ్చడికీ వాడకండి. జింకు రసంలోకి దిగి ఉంటుంది. మావి అన్నీ చెత్తబుట్టలో వేశాం.