వాచీ మచ్చకు ఒక్క రంగు పొర: ఆరేళ్లు వాడిన తర్వాత

గుంటూరు బ్రాడీపేటలో పెళ్లి ఆల్బంల డిజైనింగ్, ఫొటోల దిద్దుబాటు నా వృత్తి. మణికట్టు మీద వాచీ వదిలిన తెల్లని పట్టీనీ, మెడ మీద గొలుసు లేదా చొక్కా కాలరు వదిలిన గీతనీ తీయడానికి ఫొటోషాప్‌లో నేను ఆరేళ్లుగా ఒకే పద్ధతిని వాడుతున్నాను. Solid Color పొరను ఒకటి వేసి, దాని మోడ్‌ను Multiply చేసి, మాస్కుతో ఆ పట్టీకి మాత్రమే పరిమితం చేయడమే ఆ పద్ధతి. దానికి పెట్టే రంగును కంటితో ఎంచుకోకుండా లెక్కగట్టి పెట్టడంలోనే దాని బలమంతా ఉంది. ఇన్నేళ్ల వాడకంలో అది నాకు ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ చేయిచ్చిందో ఈ సమీక్షలో రాస్తున్నాను.

ఈ మచ్చ పెళ్లి ఫొటోల్లోనే ఎందుకు ఇంత ఇబ్బంది పెడుతుందంటే, మాంగల్యధారణ వేళ వరుడి రెండు మణికట్లూ వధువు మెడ వెనుక, చట్రానికి నట్టనడుమ ఉంటాయి. కుడిచేతికి కంకణం ఉంటుంది కనుక అక్కడ చూపు కంకణం మీదికి పోతుంది. వాచీ తీసేసిన ఎడమచేయి మాత్రం బోసిగా, ఫ్లాష్ వెలుగులో పట్టీతో సహా కనిపిస్తుంది. మే నెల ముహూర్తాలకు ముందు రోజూ మంగళగిరి దారిలో బండి మీద విజయవాడకు వెళ్లి వచ్చే వరుడైతే ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఒక తల్లిగారు ప్రూఫు చూసి, "బాబూ, అది వాచీ మచ్చేనని మనకు తెలుసు, చూసేవాళ్లు మరేదో అనుకుంటారు, కాస్త తీసేయవా" అన్నారు. ఆ ఫొటోనే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటాను.

అంతకుముందు నేను అందరిలాగే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేసేవాణ్ణి. రంగును ఒక పొరలోకి, చర్మపు గరుకును మరో పొరలోకి విడదీసి, రంగు పొరను మసకపరచడం అందులోని కిటుకు. మొటిమల ఎరుపుకు అది బాగానే పనిచేస్తుంది. వాచీ పట్టీకి మాత్రం అంచు ఉంటుంది, ఆ అంచు సన్నగా ఉన్నచోట గరుకు పొరలోకే చేరిపోతుంది. రంగు పొరను ఎంత దిద్దినా సన్నని గీత ఒకటి మిగిలిపోతుంది, దాన్ని చెరపబోతే స్వేదరంధ్రాలూ నూగు వెంట్రుకలూ కూడా పోయి మణికట్టు ప్లాస్టిక్ బొమ్మ చేయిలా తయారవుతుంది. చిన్న తెరమీద ఇది తెలియదు కానీ, 12×36 అంగుళాల ఆల్బం షీటు మీద అచ్చయి వచ్చాక దాచలేము. క్లోన్ స్టాంప్‌తో చేస్తే వెంట్రుకల వాలు మధ్యలో తెగిపోతుంది.

Multiply పొర ఈ చిక్కును మరోవైపు నుంచి విప్పుతుంది. ఎండకు నల్లబడిన చర్మమంటే అదే చర్మం మీద పలుచని గోధుమరంగు అద్దం పెట్టినట్టు. చర్మంలోని మెలనిన్ నీలి కాంతిని ఎక్కువగా, ఎర్ర కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది. కనుక తెల్లని పట్టీ మీద మనమూ అలాంటి అద్దాన్నే పరిస్తే సరిపోతుంది. ప్రతి పిక్సెలూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి రంధ్రానికీ పక్క చర్మానికీ, వెంట్రుకకూ దాని నీడకూ మధ్య ఉన్న తేడా అదే నిష్పత్తిలో నిలిచిపోతుంది. మసకపరచడం లేదు, అరువు తెచ్చి అతికించడం లేదు. Curves తో ఒక బిందువును కిందికి లాగినా ఇంచుమించు ఇదే ఫలితం వస్తుందని కొందరంటారు. నేను ఏడాది పాటు అలాగే చేశాను. ఆ బిందువు దగ్గర రంగు కలుస్తుంది కానీ, దానికి పైన గీత నిటారుగా లేవడంతో మెరిసే చోట్ల గరుకు మరీ గట్టిగా కనిపిస్తుంది. పైగా మణికట్టు గుండ్రంగా ఉంటుంది కనుక, వెలుగు వైపు సరిచేసిన బిందువు నీడ వైపుకు సరిపోదు. నిష్పత్తికి ఆ బాధ లేదు, వెలుగులో ఉన్నంత నిజంగా నీడలోనూ ఉంటుంది.

ఇక లెక్క. Color Sampler సాధనం తీసుకుని, Sample Size ను 11 by 11 Average చేస్తాను. ఒక్క పిక్సెలును నమ్ముకుంటే అది వెంట్రుక మీద పడవచ్చు. పట్టీకి చేతి వైపు ఒక చుక్క, మోచేయి వైపు ఒక చుక్క, పట్టీ నడుమ ఒక చుక్క పెడతాను. మూడూ మణికట్టు మీద ఒకే వరుసలో, ఒకే వెలుగు పడే చోట ఉండాలి, లేకపోతే మనం కొలిచేది ఎండను కాదు, నీడను. మా వరుడికి చేతి వైపు 162, 116, 90 వచ్చింది. మోచేయి వైపు 174, 128, 102 వచ్చింది. పొడుగుచేతుల చొక్కా వేసేవారికి ఈ రెండు వైపులకూ తేడా ఉండటం మామూలే. సగటు 168, 122, 96. పట్టీ నడుమ మాత్రం 205, 164, 140. ఇప్పుడు ఒక్కొక్క రంగుకూ సగటును పట్టీ విలువతో భాగించి 255 తో గుణించాలి:

```
R: 168 ÷ 205 × 255 = 209
G: 122 ÷ 164 × 255 = 190
B:  96 ÷ 140 × 255 = 175
```

Solid Color కు ఈ మూడు అంకెలే ఇస్తాను. ఎరుపు తక్కువగా, నీలం ఎక్కువగా తగ్గడం ఇక్కడ గమనించవచ్చు. మూడింటినీ సమానంగా తగ్గిస్తే, అంటే ఉత్త బూడిదరంగు పొర వేస్తే, పట్టీ నల్లబడుతుంది కానీ లోపలి గులాబిరంగు అలాగే మిగిలి, దెబ్బ తగిలి కమిలినట్టు కనిపిస్తుంది. మాస్కును Ctrl+I తో నల్లగా మార్చి, Hardness 0, Flow 10 ఉన్న తెల్ల బ్రష్షుతో పట్టీ నడుమ నుంచి అంచులకు మెల్లగా పూస్తాను.

కష్టమంతా అంచు దగ్గరే ఉంది. వాచీ రోజంతా అటూ ఇటూ జరుగుతుంది కనుక పట్టీ అంచు కత్తితో కోసినట్టు ఉండదు, క్రమంగా కరిగిపోతుంది. బ్రష్షు ఆ కరుగుదల కంటే మెత్తగా ఉంటే పట్టీ బయట నల్లని ఛాయ పడుతుంది, గట్టిగా ఉంటే అంచు బయట తెల్లని దారం మిగులుతుంది. పట్టీకి ఒక అంచున నల్లని ఛాయ, ఎదుటి అంచున తెల్లని దారం కనిపించాయంటే మాస్కు స్థానమే తప్పిందని అర్థం. ఈ తప్పులు కంటికి దొరకవు కాబట్టి, పైన తాత్కాలికంగా ఒక Curves పొరను బాగా నిటారుగా వేసి చూస్తాను. మామూలుగా కనపడని అంచు అందులో పొలంగట్టులా లేచి కనిపిస్తుంది. సరిచేశాక ఆ పొరను తీసేస్తాను. చివరగా రంగు పొర Opacity ని 93 దగ్గరకు దించుతాను. పట్టీ ఆనవాలు లేశమాత్రం మిగిలితేనే చేయి ఆ మనిషి చేయిలా ఉంటుంది, ఇది నా అభిరుచి మాత్రమే.

ఈ ఫొటోలో ఒక తిరకాసు ఎదురైంది. మొదట నేను పెట్టిన చేతి వైపు చుక్క పసుపు అంటిన చోట పడింది. నీలం విలువ అనుమానం వచ్చేంత తక్కువగా కనబడటంతో ఆగి చూశాను, లేకపోతే పట్టీ అంతా పసుపు పూసినట్టు అయ్యేది. పెళ్లి చేతుల మీద కొలిచేటప్పుడు పసుపు, పారాణి, అక్షింతలు లేని చోటు వెతుక్కోవాలి.

ఈ పద్ధతికి అసలైన లోపం మెరుపు దగ్గర బయటపడుతుంది. చెమట మీద, నూనె చర్మం మీద ఫ్లాష్ కొట్టిన తెల్లని మెరుపు చర్మం పైపొర నుంచే తిరిగివస్తుంది, మెలనిన్‌ను దాటి రాదు. మన పొర దానికీ గోధుమరంగు పులిమి మట్టిబారుస్తుంది. దీనికి Blend If లో Underlying Layer తెల్ల స్లైడరును Alt నొక్కి రెండుగా చీల్చి, 215 దగ్గర ఒక ముక్క, 250 దగ్గర ఒక ముక్క పెడతాను. మెరుపు బతికి బయటపడుతుంది.

రెండో లోపాన్ని నేను నా డబ్బుతో నేర్చుకున్నాను. తొలి ఏడాది ఒక ఆల్బంలో ముహూర్తపు ఫొటోకు చేసిన పొరనే లాక్కెళ్లి రిసెప్షన్ ఫొటోల మీద కూడా వేశాను. అక్కడ ఊదారంగు ఎల్ఈడీ దీపాల కింద చర్మంలోని ఎరుపు, పట్టీ మీదా పక్కనా కూడా 255 దగ్గరే ఆగిపోయింది. తేడా లేని చోట నా పొర ఎరుపును 209 దాకా దించడంతో మణికట్టు చుట్టూ నీలిపచ్చని కడియం తొడిగినట్టు అచ్చయింది. ఆ షీటు మళ్లీ నా ఖర్చుతోనే వేయించాను. అప్పటి నుంచి వెలుగు మారిన ప్రతిసారీ మళ్లీ కొలుస్తున్నాను, ఏ రంగైనా 250 దాటి ఉంటే ఈ లెక్కను ఆ ఫొటోకు వాడటమే లేదు.

మెడ సంగతి వేరు. గొలుసు పక్కకు జరిగినప్పుడు కనిపించే సన్నని తెల్లగీతకు ఇదే లెక్క చక్కగా సరిపోతుంది, తేడా తక్కువ కనుక రంగు తెలుపుకు దగ్గరగా వస్తుంది. మెడ ముడతలు కూడా చెదరవు. అయితే నగ నీడను గీతగా పొరబడకూడదు. నీడ దీపానికి ఎదురువైపున మాత్రమే ఉంటుంది, ఎండగీత గొలుసు రోజూ ఉండే చోట ఉంటుంది. వరుడు ఉత్తరీయంతో కూర్చున్నప్పుడు కనిపించే కాలరు గీతను మాత్రం పూర్తిగా తీయబోను. ఛాతీనంతా మెడ రంగుకు దింపితే ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు. మెడను ఛాతీ రంగుకు లేపుదామంటే, రాత్రి ముహూర్తాల్లో ఎక్కువ ISO తో తీసిన ఫొటోల్లో చీకట్లో దాగిన గింజలన్నీ పైకి వస్తాయి. గీతకు ఇటూ అటూ నాలుగు వేళ్ల మేర మాస్కును జారుడుగా పూసి, అంచును మెత్తబరిచి వదిలేస్తాను.

బిగుతు బెల్టు నొక్కిన గాడికి ఈ పొర ఏమీ చేయలేదు, అది రంగు కాదు, చర్మం ఆకారం. ముహూర్తానికి కాసేపటి ముందే వాచీ తీసిన వరుడి చేతి మీద అది స్పష్టంగా ఉంటుంది, దానికి Healing Brush తో విడిగా పని పెట్టుకోవాలి. కొందరికి పట్టీ కింద వెంట్రుకలు రాపిడికి అరిగిపోయి ఉంటాయి. రంగు కలిపాక కూడా ఆ నున్నని పట్టీ దగ్గరగా చూసేవారికి తెలుస్తుంది. అక్కడ వెంట్రుకలు గీయమని ఇప్పటివరకు ఎవరూ అడగలేదు, నేనూ గీయలేదు.