అత్తరు సీసాకి పువ్వు పేరా, జ్ఞాపకం పేరా: ఏది మేలు?

చిన్నగా అత్తర్ల వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే. సీసా మీద మల్లె, మొగలి అని సరుకు పేరే వేయాలా, లేక మూత తీయగానే కొన్నవాళ్లకు ఏదో గుర్తొచ్చేలా జ్ఞాపకం పేరు పెట్టాలా? ఈ మధ్యే నేను మట్టి, వట్టివేరు, మొగలి, మల్లె అని నాలుగు అత్తర్ల వరుసకు పేర్లు ఖాయం చేశాను. ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు తేలికగా దొరుకుతుంది కాబట్టి వాటితోనే చెబుతాను.

సరుకు పేరుకు ఉన్న బలం తెలిసిందే. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి దుకాణాల్లో కొనేవాళ్లు ఖస్, గులాబ్, హీనా అని అడుగుతారు, దుకాణదారు మణికట్టు మీద ఒక చుక్క రాస్తాడు, బేరం అక్కడే తేలుతుంది. వాసన చూపించే వీలున్నప్పుడు పేరు చేయాల్సిన పని తక్కువ. ఫోన్‌లో బొమ్మ చూసి కొనేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు సీసా చేతికొచ్చేదాకా ఉన్న వాసన అంతా ఆ పేరే. అందుకే నేను మొత్తం మీద జ్ఞాపకం పేరు వైపే మొగ్గుతాను, కానీ ఒక షరతు మీద. ఆ జ్ఞాపకం ఒక భావం పేరు కాకూడదు, ముక్కుకు నేరుగా తగిలిన ఒక వస్తువు పేరు కావాలి. ‘నాయనమ్మ ప్రేమ’ అంటే ఏ వాసనో ఎవరూ చెప్పలేరు. ‘నాయనమ్మ పెట్టె’ అంటే కర్పూరం, లవంగం, పాత పట్టు అన్నీ కలిసి వచ్చేస్తాయి.

ఈ షరతు ఎంత ముఖ్యమో మట్టి అత్తరు దగ్గర బాగా తెలుస్తుంది. దాన్ని చూడగానే అందరికీ తోచే పేరు ‘తొలకరి’, లేదా ‘తొలి చినుకు’. తియ్యటి పేర్లే. అయితే ఆ అత్తరు ఎలా తయారవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కన్నౌజ్‌లో మట్టిని బిళ్లలుగా చేసి కాలుస్తారు. ఆ కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి పాత్రలో నీళ్లతో కలిపి మరిగిస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే ఇంకో పాత్రలోకి వెళ్లి, అందులో ముందే పోసి ఉంచిన చందనం నూనెలో వాసనను వదులుతుంది. అంటే సీసాలో ఉన్నది పొలం మీద పడ్డ వాన కాదు, కాల్చిన మట్టి మీద పడ్డ నీళ్లు.

తొలకరి వాసనలో ఇంకా చాలా ఉంటాయి. ఆ వాసనకు 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. పొడి నేల మీద, రాళ్ల మీద పేరుకున్న చెట్ల నూనెలు, నేలలోని సూక్ష్మజీవులు తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థం అందులో కలిసి ఉంటాయి. దానికి తోడు తడిసిన ఆకు పచ్చిదనం, ఒక్కోసారి ఉరుముల వాన ముందు వచ్చే ఓజోన్ ఘాటు. ‘తొలకరి’ అన్న పేరు చదివినవాళ్లు ఇవన్నీ కావాలనుకుంటారు. మట్టి అత్తరులో పచ్చిదనం లేదు, గాలి లేదు. రాసుకున్నాక ‘వాన ఏదీ?’ అనే అడుగుతారు. అదే సీసాకి ‘కొత్త కుండ’ అని పేరు పెట్టి చూడండి. కుమ్మరి దగ్గర తెచ్చిన కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పుడు గొంతులో దిగే ఆ వాసన తెలియని తెలుగువాళ్లు తక్కువ. సీసాలో ఉన్నదీ సరిగ్గా అదే. పేరు కొంచెం చిన్నదైంది, మాట మాత్రం పూర్తిగా నిలబడింది.

ఇక్కడ ఇంకో సంగతి చూసుకోవాలి. అత్తరులో స్పిరిట్ ఉండదు కాబట్టి అది మెల్లగా విప్పుకుంటుంది, చర్మం మీద గంటల తరబడి మారుతూ పోతుంది. పేరు ఏ గంటకు సరిపోవాలి? నేను మూడుసార్లు చూస్తాను: రాసిన నిమిషానికి, అరగంటకు, మూడు గంటలకు. కాగితం పట్టీ మీద కాదు, చేతి మీదే చూడాలి, ఎందుకంటే ఒంటి వేడి లేకపోతే అడుగున ఉన్న నూనె సంగతి బయటపడదు. మట్టి అత్తరు మూడు గంటలకు దాదాపు చందనమే అవుతుంది. కొత్త కుండ పేరుకు అది అడ్డు రాదు, చందనం నెమ్మదైన వాసన. కానీ చందనం నూనె ఖరీదు వల్ల చాలా సరుకు వాసన లేని వేరే నూనెల్లో వస్తోంది. అలాంటి సీసా అరగంటకు చప్పబడిపోతుంది. మొదటి నిమిషం మాత్రమే నిజమయ్యే సరుకుకు ఎంత మంచి జ్ఞాపకం పేరు పెట్టినా కొన్నవాళ్లు రెండోసారి రారు. దానికి సరుకు పేరే న్యాయం.

వట్టివేరు కథ వేరు. దాని వాసనలో వేరు, పొగ, తడి నేల కలిసి ఉంటాయి. పేరు చెప్పకుండా చూపిస్తే కొందరు చల్లగా ఉందంటారు, కొందరు మూసి ఉంచిన గది వాసన అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. రేచల్ హెర్జ్, జూలియా ఫాన్ క్లెఫ్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. ఒకే వాసనను ఒకసారి మంచి పేరుతో, ఇంకోసారి చెడ్డ పేరుతో అవే మనుషులకు చూపించారు. పచౌలీ నూనెను ఒకసారి ధూపం అన్నారు, మరోసారి ముక్కిపోయిన నేలమాళిగ అన్నారు. వయొలెట్ ఆకు సారాన్ని ఒకసారి తాజా దోసకాయ, ఇంకోసారి బూజు అన్నారు. పేరు మారగానే ఆ వాసన నచ్చడం, నచ్చకపోవడం కూడా మారిపోయింది. అంతే కాదు, రెండూ ఒకే వాసన అని చాలామంది పోల్చుకోలేదు కూడా. రెండు వైపులకూ ఒరిగే వాసన దగ్గర పేరుకు ఉన్న శక్తి ఇంతది. వట్టివేరు సరిగ్గా అలాంటిది. అందుకే దానికి ‘తడిసిన తడిక’ అని పెట్టాను. ఎండాకాలం మధ్యాహ్నం కిటికీకి కట్టి నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడిక గుర్తొచ్చిందంటే మూసిన గది అన్న ఆలోచన దగ్గరికి కూడా రాదు.

దీనికి ఒక హద్దు ఉంది. ఏసీలో పెరిగిన పాతికేళ్లవాళ్లకు ఆ తడిక తెలియదు. వాళ్ల ముక్కుకు ఆ పేరు ఏమీ చేయదు. నా కొనుగోలుదారులు ఎక్కువగా నలభై దాటినవాళ్లు, వాళ్లలో సగం ఊరు వదిలి దూరంగా ఉంటున్నవాళ్లు కాబట్టి నాకు సరిపోయింది. కాలేజీ పిల్లలకు అమ్మేవాళ్లు ఈ పేరు పెట్టకండి.

మొగలి దగ్గర నాకు అసలు టెన్షన్ పట్టుకుంది. మంచి మొగలి సరుకు శ్రీకాకుళం సరిహద్దు అవతల ఒడిశా గంజాం జిల్లా నుంచి వస్తుంది, ఆ మొగలి రూహ్‌కు, అంటే ఏమీ కలపని మొగలి నూనెకు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే మొగలి నీళ్లను కేవ్డా పేరుతో బిర్యానీలో, మిఠాయిల్లో వాడతారు కాబట్టి హైదరాబాద్‌లో పెరిగినవాళ్లు వాసన చూడగానే ‘బిర్యానీ’ అంటారు. ఈ జ్ఞాపకాన్ని మనం పుట్టించలేదు, అది ముందే అక్కడ కూర్చుని ఉంది. ఒట్టి ‘మొగలి’ అని రాస్తే దాన్ని కదిలించలేం. చీరల మధ్య మొగలి రేకులు పెట్టి దాచే అలవాటు కోస్తా ఇళ్లలో ఉండేది. ‘చీరల పెట్టె’ అన్న పేరు ముక్కును వంటింటి నుంచి పడకగదిలోకి తీసుకెళ్తుంది. పేరు విన్నాక చూసినవాళ్లు బిర్యానీ మాట ఎత్తడం చాలా తగ్గింది.

ఇక మల్లె. దీనికి మాత్రం సరుకు పేరే ఉంచేశాను. ఒకరికి మల్లె అంటే పెళ్లి జడ, ఇంకొకరికి సాయంత్రం డాబా మీద పక్క, మరొకరికి గుడి మెట్ల దగ్గర మూర లెక్కన అమ్మే దండ. ‘పెళ్లి జడ’ అని పెడితే మిగతా ఇద్దరినీ బయటికి పంపినట్టే. పైగా ఆ వాసన రెండు వైపులకూ ఒరిగేది కాదు, కళ్లు మూసుకున్నా మల్లె మల్లెలాగే ఉంటుంది. అలాంటి చోట జ్ఞాపకం పేరు కలిపేదేమీ లేదు, తీసేసేదే ఎక్కువ.

ఊరు పేరు, సంవత్సరం కలిపి పెట్టే పద్ధతి కూడా అడుగుతుంటారు. మెజాన్ మార్జెలా అనే ఫ్యాషన్ సంస్థ 2012లో మొదలుపెట్టిన రెప్లికా సెంట్ల వరుస దీనికి పేరు మోసింది. వాళ్ల ‘బై ది ఫైర్‌ప్లేస్’ సీసా చీటీ మీద షామొనీ, 1971 అని ఉంటుంది. ఆ ఊరు ఎప్పుడూ చూడనివాళ్లకు అదొక కల. మన దగ్గర సంవత్సరాలకు బరువు ఎక్కువ. ‘భద్రాచలం 1986’ అని వేస్తే గోదావరి పక్కన పెరిగినవాళ్లకు గుర్తొచ్చేది ఆ ఏటి వరద, దివిసీమవాళ్లకు 1977 అంటే ఉప్పెన. సంవత్సరం పెట్టకపోవడమే మంచిది. శమామా, మజ్ముఆ లాంటి పాత అత్తర్ల పేర్లు తెలిసిన దుకాణాల్లో బాగా నడుస్తాయి, తెలియనివాళ్లకు అవి శబ్దాలు మాత్రమే. మనుషుల పేర్లు, ఇంగ్లిష్ పేర్లు నాకు పనికిరాలేదు.

ఒక పేరు నిలుస్తుందో లేదో చూసే పద్ధతి ఇది. ముందు పేరు చెప్పకుండా వాసన చూపించి ఏం గుర్తొచ్చిందో రాయించుకోండి. కొన్ని రోజులాగి, వేరేవాళ్లకు వాసన లేకుండా పేరు మాత్రమే చెప్పి ఎలాంటి వాసన ఊహిస్తున్నారో రాయించుకోండి. రెండు కాగితాల్లో ఒకే వస్తువులు కనబడితే పేరు నిలబడినట్టు. పేరు విన్నవాళ్లు ‘హాయిగా’, ‘మనసుకు నచ్చేలా’ లాంటి మాటలే రాసి, ఒక్క వస్తువు పేరు కూడా రాయకపోతే ఆ పేరు వదిలేయండి.

రిజిస్ట్రేషన్ దగ్గర జ్ఞాపకం పేరుదే పైచేయి. ట్రేడ్‌మార్క్ చట్టం 1999లోని 9వ సెక్షన్ ప్రకారం సరుకు ఏమిటో వర్ణించే మాటను ఒకరి సొంతం చేయరు, కాబట్టి మల్లె అత్తరుకు ‘మల్లె’ దొరకదు. తెలుగులో రాసినంత మాత్రాన తప్పించుకోలేం, దరఖాస్తుతో పాటు అర్థం కూడా ఇవ్వాలి. ‘కొత్త కుండ’ కుండలకైతే వర్ణన, అత్తరుకు కాదు. ట్రేడ్‌మార్క్‌కు సరుకులను విడదీసే తరగతుల్లో అత్తర్లు, సెంట్లు 3వ దానిలోకి వస్తాయి. సొంత పేరుతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేస్తే ఒక్కో పేరుకు ఒక తరగతికి 4,500 రూపాయలు, రిజిస్టరైతే పదేళ్లు. వేసే ముందు ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఉచ్చారణ పోలికతో కూడా వెతకండి, ‘తొలకరి’, ‘చినుకు’ లాంటివైతే ఇంకా గట్టిగా. నేను కొత్త కుండ, తడిసిన తడిక, చీరల పెట్టె మూడింటికీ వేశాను. మల్లెకు వేయలేదు, దాని చీటీ మీద మా దుకాణం పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. మిగతా మూడింటికి జ్ఞాపకం పేరు పెద్దగా, దాని కింద చిన్నగా సరుకు పేరు, కలిసిన నూనె పేరు వేయించాను.